సరుకు దిగుతుంటే ముందు యాక్సిల్ మీద బరువు ఎందుకు పెరుగుతుంది: పలు స్టాపుల లారీ లోడింగ్ లెక్క

గోదాము గేటు దగ్గర వేబ్రిడ్జి ఎక్కినప్పుడు లారీ అన్ని పరిమితుల్లోనూ ఉంది. మొత్తం బరువు సరిపోయింది, ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్ రెండూ సరిపోయాయి. మొదటి స్టాపులో రెండున్నర టన్నులు దించారు. ఇక లారీ తేలికైంది కాబట్టి టెన్షన్ లేదనుకుంటారు ఎవరైనా. కానీ సరిగ్గా అక్కడినుంచే ముందు యాక్సిల్ ఓవర్‌లోడ్‌లో నడవడం మొదలవుతుంది. ఒకే చోట దించే లారీలో ఈ ఇబ్బంది రాదు. నాలుగు చోట్ల దించే లారీలో ఇది తరచూ వస్తుంది, గోదాము దాటాక లారీని మళ్లీ ఎవరూ తూచరు కాబట్టి చాలావరకు కంటపడకుండానే పోతుంది.

కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు. బాడీలో కొంత భాగం వెనుక చక్రాలు దాటి వెనక్కి వేలాడుతూ ఉంటుంది. ఆ భాగంలో పెట్టిన బరువు వెనుక చక్రాల మీద ఆన్చిన మీటలా పనిచేసి ముందు యాక్సిల్‌ను కాస్త పైకి లేపుతుంది. ముందుగా దించాల్సిన సరుకును తలుపు దగ్గర పెట్టడం అందరూ పాటించే పద్ధతి. అంటే మొదటి స్టాపులో దిగేది ఆ లేపుతున్న బరువే. అది దిగిపోగానే అంతసేపూ పైకి లేచి ఉన్న భారం మళ్లీ ముందు యాక్సిల్ మీదకు వస్తుంది.

ఎంత వస్తుందో తెలియాలంటే అంకెల్లోకి దిగాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక రెండు యాక్సిళ్ల లారీని ఊహించుకుందాం. ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య దూరం 5 మీటర్లు. డ్రైవరు, నిండు ట్యాంకు డీజిల్‌తో కలిపి ఖాళీ లారీ బరువు 6,500 కిలోలు. అందులో 3,700 ముందు యాక్సిల్ మీద, 2,800 వెనుక యాక్సిల్ మీద పడుతుంది. ముందు యాక్సిల్ పరిమితి 6,000 కిలోలు, వెనుకది 11,000, మొత్తం లారీ పరిమితి 16,000. నిజమైన లారీకి ఈ అంకెలు దాని రేటింగ్ ప్లేటు మీద, రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఉంటాయి. రెండు చోట్లా వేర్వేరుగా ఉంటే తక్కువ ఉన్నదాన్నే తీసుకోవాలి.

బాడీలో 1.2 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు ఉన్న ప్యాలెట్లు అడ్డంగా మూడేసి చొప్పున ఆరు వరుసలు పడతాయి. క్యాబిన్ వెనక అడ్డుగోడకు ఆనుకుని ఉన్నది ఒకటో వరుస, తలుపు దగ్గరిది ఆరో వరుస. ఈ లారీలో నాలుగో వరుస సరిగ్గా వెనుక యాక్సిల్ మీదకు వస్తుంది.

సూత్రం ఒక్కటే. వరుస మధ్యభాగం వెనుక యాక్సిల్‌కు ఎంత ముందుకు ఉందో కొలిచి, దాన్ని యాక్సిళ్ల మధ్య దూరంతో భాగించాలి. ఆ వరుస బరువులో అంత వాటా ముందు యాక్సిల్ మీద పడుతుంది. ఒకటో వరుస 3.6 మీటర్లు ముందుకు ఉంది, కాబట్టి దాని బరువులో 72 శాతం ముందుకు వెళ్తుంది. రెండో వరుసలో 48 శాతం, మూడోదాంట్లో 24 శాతం. నాలుగో వరుస నుంచి ముందుకు ఏమీ పోదు, అంతా వెనుక యాక్సిలే మోస్తుంది. ఐదో వరుస తన బరువులో 24 శాతం మేర, ఆరో వరుస 48 శాతం మేర ముందు యాక్సిల్‌ను తేలిక చేస్తాయి. ఆ తేలిక చేసినదంతా వెనుక యాక్సిల్ మీదే పడుతుంది. ఆరో వరుసలో 1,000 కిలోలు పెడితే వెనుక యాక్సిల్‌కు తగిలేది 1,480 కిలోలు. వెనుక చివర బరువులు పెట్టడం ఇష్టపడని పాత లోడింగ్ మేస్త్రీలకు ఈ లెక్క తెలియకపోయినా ఫలితం మాత్రం బాగా తెలుసు.

ఇప్పుడు ఆర్డర్లు చూద్దాం. మొదటి స్టాపులో డిటర్జెంట్, ఆరు ప్యాలెట్లు, 2,600 కిలోలు. రెండో స్టాపులో బిస్కెట్లు, మూడు ప్యాలెట్లు, 1,000 కిలోలు. మూడో స్టాపులో పెయింట్ డబ్బాలు, మూడు ప్యాలెట్లు, 1,500 కిలోలు. చివరి స్టాపులో టైల్స్, ఆరు ప్యాలెట్లు, 4,200 కిలోలు. మొత్తం సరుకు 9,300 కిలోలు, లారీతో కలిపి 15,800. పరిమితికి 200 కిలోలు తక్కువే.

అందరూ చేసినట్టే దించే వరుసకు తలకిందులుగా ఎక్కిస్తే టైల్స్ ఒకటి, రెండు వరుసల్లోకి, పెయింట్ మూడులోకి, బిస్కెట్లు నాలుగులోకి, డిటర్జెంట్ ఐదు, ఆరుల్లోకి వెళ్తాయి. రెండేసి వరుసలు తీసుకున్న సరుకును సమానంగా పంచామనుకుందాం. అప్పుడు దారి పొడవునా యాక్సిళ్ల మీద పడే బరువు (కిలోల్లో) ఇలా ఉంటుంది:

| ఎప్పుడు | మొత్తం | ముందు యాక్సిల్ | వెనుక యాక్సిల్ |
|---|---|---|---|
| బయలుదేరినప్పుడు | 15,800 | 5,644 | 10,156 |
| డిటర్జెంట్ దించాక | 13,200 | 6,580 | 6,620 |
| బిస్కెట్లు దించాక | 12,200 | 6,580 | 5,620 |
| పెయింట్ దించాక | 10,700 | 6,220 | 4,480 |

లారీలోంచి 5,100 కిలోలు దిగిపోయాక కూడా ముందు యాక్సిల్ మీద పరిమితికి మించి 220 కిలోలు ఉంది. మొదటి స్టాపు దాటాక అయితే 580 కిలోలు ఎక్కువ. ప్రయాణంలో ఎక్కువ భాగం ఇలాగే గడుస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు టైర్లు మామూలుకన్నా వేడెక్కుతాయి, బ్రేకు వేసినప్పుడు లారీ ముక్కు బాగా కిందికి వంగుతుంది. వెనుక యాక్సిల్‌కు ఎయిర్ సస్పెన్షన్, దానికో లోడ్ గేజీ ఉన్న లారీల్లో మరో చిక్కు ఉంది. డ్రైవరు చూసే అంకె వెనుక యాక్సిల్‌ది మాత్రమే. అది హాయిగా తగ్గుతూ పోతుంటే ముందు ఏం జరుగుతోందో అనుమానం కూడా రాదు.

టైల్స్ ముందు పెట్టడమే తప్పని, వాటిని వెనక్కి జరిపితే చాలని అనిపిస్తుంది. అది సగమే నిజం. ప్లాన్ గీయకముందే చేయాల్సిన ఒక చిన్న పరీక్ష ఉంది. రెండు యాక్సిళ్ల పరిమితులు కలిపితే 17,000. లారీ బయలుదేరేటప్పటి బరువు 15,800. తేడా 1,200 కిలోలు, ఇదే మన వెసులుబాటు. ఎలాగంటే, బయలుదేరేటప్పుడు వెనుక యాక్సిల్ 11,000 దాటకూడదంటే ముందు యాక్సిల్ మీద కనీసం 4,800 ఉండాలి. ఆ తర్వాత ఎప్పుడూ అది 6,000 దాటకూడదు. కాబట్టి దారిలో ముందు యాక్సిల్ బరువు ఎంత పెరిగినా 1,200కు లోపే పెరగాలి.

ఐదు, ఆరు వరుసల్లోని డిటర్జెంట్ దిగినప్పుడు ముందు యాక్సిల్ మీద పెరిగేది 936. కాబట్టి పరిష్కారం ఉంది, కానీ మిగిలిన 264 కిలోలను ముందు యాక్సిల్‌కు కొంత, వెనుక యాక్సిల్‌కు కొంత పంచుకోవాలి. తక్కిన సరుకును ఎన్ని రకాలుగా అటూ ఇటూ మార్చినా ఆ 264 పెరగదు. అదే మొదటి స్టాపు టైల్స్‌ది అయ్యుంటే? 4,200 కిలోలు చివరి రెండు వరుసల్లో పెట్టి దించితే ముందు యాక్సిల్ 1,512 పెరుగుతుంది. వెసులుబాటు 1,200 మాత్రమే కాబట్టి ఆ ప్లాన్‌కు ఏ అమరికా పనికిరాదు. గంటసేపు ప్యాలెట్లు మార్చి చూసే బదులు ఈ ఒక్క తీసివేత ముందే చేసుకోవడం మేలు.

ఈ పరీక్ష నెగ్గాక మొదటి దారి, స్టాపుల క్రమం మార్చడం. బిస్కెట్లు తేలిక కాబట్టి వాటిని ఒకటో వరుసకు పంపి, టైల్స్ రెండు, మూడు వరుసల్లో, పెయింట్ నాలుగులో పెడతాం. టైల్స్ ప్యాలెట్లు 600, 700, 800 కిలోలవి రెండేసి ఉన్నాయనుకుంటే, రెండో వరుసలో 600, 700, 600, మూడో వరుసలో 800, 700, 800 పెట్టాలి. బరువైనవి వెనుక యాక్సిల్‌కు దగ్గరగా జరుగుతాయి, ఎడమ కుడి పక్కలు కూడా సమానంగా ఉంటాయి. ఇప్పుడు బయలుదేరేటప్పుడు ముందు 4,948, వెనుక 10,852. డిటర్జెంట్ దిగాక ముందు 5,884. ఆ తర్వాత పెయింట్ దిగినా ముందు అంకె మారదు, టైల్స్ దిగాక 4,420కి పడిపోతుంది. వెనుక 148, ముందు 116 కిలోలు మిగిలాయి. ఆ రెండూ కలిపితే వచ్చేది పైన చెప్పిన 264 కిలోలే.

కాగితం మీద ఇది బాగుంది. అయితే రెండో స్టాపులో అందాల్సిన బిస్కెట్లు ఇప్పుడు అన్నిటికన్నా చివర అందుతాయి. ఆ స్టాపు దారి మధ్యలో ఉంటే లారీ దాన్ని దాటి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. ఆ దుకాణం సరుకు దించుకునే వేళ ఉదయమే అయితే ఈ ప్లాన్ మొత్తం వృథా. బాడీకి పక్క తలుపో, పక్కకు తెరుచుకునే కర్టెనో ఉండి, స్టాపులో ఫోర్క్‌లిఫ్ట్ కూడా ఉంటే ఈ గొడవ లేదు. లోడింగ్ వరుస, దించే వరుస ఒకదానికొకటి కట్టుబడి ఉండవు.

రెండో దారి ప్యాలెట్ మీద ప్యాలెట్ పెట్టడం. ఎక్కువ సరుకు పట్టించడానికే ఒకదాని మీద ఒకటి పేరుస్తారని అనుకుంటాం. ఇక్కడ దాని అసలు లాభం వేరు: నేల మీద ఒక వరుస ఖాళీ అవుతుంది, దాంతో మొత్తం సరుకును ముందుకో వెనక్కో జరుపుకునే స్వేచ్ఛ దొరుకుతుంది.

దేని మీద దేన్ని పెట్టాలన్నదానికి రెండు నియమాలున్నాయి, అవి తరచూ కొట్టుకుంటాయి. బరువైనది కింద, తేలికైనది పైన ఉండాలన్నది ఒకటి. ముందు దిగేది పైన, తర్వాత దిగేది కింద ఉండాలన్నది రెండోది. మన ఆర్డర్లలో రెండు నియమాలూ ఒప్పుకునే జంటల్లో బాగా కుదిరేది పెయింట్ మీద బిస్కెట్లు. బిస్కెట్లు తేలిక, పైగా పెయింట్ కన్నా ఒక స్టాపు ముందే దిగుతాయి. డిటర్జెంట్‌ను డిటర్జెంట్ మీదే పెట్టవచ్చు గానీ, కింద ఉన్నవి అట్టపెట్టెలు. అట్టపెట్టె తన మూలల మీదే ఎక్కువ బరువు మోస్తుంది. పెట్టెలు ఒకదాని మీద ఒకటి మూలకు మూల కలిసేలా నిలువుగా పేర్చి ఉంటేనే ఆ బలం పనికొస్తుంది. కదలకుండా ఉంటాయని ఇటుకల గోడలా మార్చి మార్చి పేరిస్తే మూలలు కింది పెట్టె మధ్యలో దిగి బలం చెప్పుకోదగ్గంత తగ్గిపోతుంది. తేమ తగిలితే ఇంకా తగ్గుతుంది. పైగా గోదాములో కదలకుండా నిలబడ్డ దొంతర మోసేదీ, గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ మోసేదీ ఒకటి కాదు. పెట్టె మీద ముద్రించిన స్టాకింగ్ గుర్తులో ఎన్ని పెట్టవచ్చో అంకె ఉంటే అది అదే రకం పెట్టెలకు మాత్రమే వర్తిస్తుంది. వేరే సరుకు పెట్టాలంటే ఎన్ని కిలోలు ఆపుతుందో తెలిపే గుర్తు చూడాలి. పెయింట్ రేకు డబ్బాలకు ఈ బాధ తక్కువ. మూతల మీద చదునైన పలక వేసి, దాని మీద 333 కిలోల బిస్కెట్ల ప్యాలెట్ పెట్టవచ్చు.

అలా పెడితే ఐదు వరుసల చోటే సరిపోతుంది, 1.2 మీటర్లు ఖాళీ వస్తుంది. టైల్స్‌ను మొదటి దారిలో లాగే తేలిక వరుస ముందు, బరువు వరుస వెనుక ఉండేలా పెడదాం. ఆ ఖాళీని ఎక్కడ ఉంచాలన్నదే అసలు ప్రశ్న. మొత్తం తలుపు దగ్గరే వదిలేస్తే టైల్స్ మళ్లీ అడ్డుగోడకు ఆనుకుంటాయి, ముందు యాక్సిల్ కథ మొదటికొస్తుంది. మొత్తం ముందే వదిలేస్తే బయలుదేరేటప్పుడే వెనుక యాక్సిల్ 11,572కు చేరుతుంది. ముందు 80 సెంటీమీటర్లు, వెనుక 40 వదిలితే లెక్క కుదురుతుంది. బయలుదేరేటప్పుడు ముందు 4,972, వెనుక 10,828. డిటర్జెంట్ దిగాక ముందు 5,700, బిస్కెట్లు దిగాక 5,620, పెయింట్ దిగాక 5,500. స్టాపుల క్రమం మారలేదు, అయినా ముందు యాక్సిల్‌కు 300 కిలోలు, వెనుకకు 172 కిలోలు మిగిలాయి. డిటర్జెంట్ వరుసలు కూడా 40 సెంటీమీటర్లు ముందుకొచ్చి వెనుక యాక్సిల్‌కు దగ్గరవడంతో, అవి దిగినప్పటి పెరుగుదల 936 నుంచి 728కి తగ్గింది. మిగులు పెరగడానికి కారణం అదే.

దీనికి రెండు షరతులున్నాయి, రెండూ గట్టివే. ముందున్న 80 సెంటీమీటర్ల ఖాళీని గాలికి వదిలేయకూడదు. నాలుగు టన్నుల టైల్స్ గట్టి బ్రేకుకు ఆ దూరం జారి వేగం పుంజుకుని అడ్డుగోడను గుద్దితే ఆ గోడ ఆపలేకపోవచ్చు. ఆ జాగాలో గట్టి చెక్క చట్రం బిగించి, టైల్స్‌ను విడిగా బెల్టులతో కట్టాలి. చట్రం బరువును కూడా లెక్కలో కలపాలి. రెండో షరతు, బిస్కెట్లు దించే చోట ఫోర్క్‌లిఫ్ట్ ఉండి తీరాలి. చేత్తో లాగే ప్యాలెట్ జాక్‌తో పై ప్యాలెట్‌ను దించలేరు. ఫోర్క్‌లిఫ్ట్ లేకపోతే బిస్కెట్ల పెట్టెలను ఒక్కొక్కటిగా మోసుకుంటూ దించాలి, అప్పుడు తర్వాతి స్టాపుల టైమింగ్ అంతా జారిపోతుంది. ఏ స్టాపులో ఏ పరికరం ఉందో తెలియకుండా ఒకదాని మీద ఒకటి పెట్టే ప్లాన్ గీయకపోవడమే మంచిది.

ఈ రెండు దారులూ కుదరకపోతే మూడోది, స్టాపుల్లోనే మిగిలిన సరుకును వెనక్కి జరపడం. మొదటి ప్లాన్‌లోనే డిటర్జెంట్ దిగాక బిస్కెట్లను ఆరో వరుసకు, పెయింట్‌ను ఐదో వరుసకు లాగితే ముందు యాక్సిల్ 6,580 నుంచి 5,380కి వస్తుంది. బిస్కెట్లు దిగాక అది 5,860. పెయింట్ దిగాక మళ్లీ 6,220 అవుతుంది కాబట్టి అక్కడ రెండో వరుస టైల్స్‌ను కూడా కనీసం ఒక వరుస వెనక్కి లాగాలి. ప్రతిసారీ కట్టు విప్పడం, మళ్లీ కట్టడం, 700 కిలోల ప్యాలెట్లను బాడీలో లాగడం. లారీ నిలబడ్డ నేల కాస్త వాలుగా ఉన్నా ఇది ప్రమాదకరమైన పని. ఒకటి రెండు తేలిక ప్యాలెట్లకైతే ఫర్వాలేదు, రోజూ చేసే పద్ధతిగా మాత్రం పనికిరాదు.

పైన వచ్చిన మిగులు అంకెలు వంద నుంచి మూడొందల కిలోల మధ్య ఉన్నాయి. ఇంత చిన్న మిగులు నిలవాలంటే ఎక్కించే బరువు నిజమైనది అయ్యుండాలి. చాలాచోట్ల ఆర్డర్ షీటులో ఉండేది సరుకు బరువు మాత్రమే. ఒక చెక్క ప్యాలెట్ సుమారు 25 కిలోలు ఉంటుంది. 18 ప్యాలెట్లకు 450 కిలోలు. అది లెక్కలో లేకపోతే మన 15,800 కిలోల లారీ నిజానికి 16,250 అవుతుంది, మొత్తం పరిమితే దాటిపోతుంది. లోడింగ్ అయ్యాక వేబ్రిడ్జి మీద ముందు చక్రాలను, వెనుక చక్రాలను విడివిడిగా తూచి, వచ్చిన రెండు అంకెలను ప్లాన్‌లోని బయలుదేరే అంకెలతో పోల్చాలి. వెనుక యాక్సిల్ అనుకున్నదానికంటే తక్కువ ఉండి ముందుది ఎక్కువ ఉంటే సరుకు ముందుకు జరిగి ఉందని అర్థం, మొదటి స్టాపు తర్వాతి అంకె కూడా అంతే పెరుగుతుంది. రెండూ ఎక్కువగా ఉంటే షీటులోని బరువులే తప్పు.

ప్లాన్ ఎంత బాగున్నా మొదటి స్టాపు వాళ్లు సరుకు తీసుకోకపోతే అది అక్కడే చెదిరిపోతుంది. దుకాణం మూసి ఉందనుకోండి, 2,600 కిలోల డిటర్జెంట్ తలుపుకు అడ్డంగా అలాగే ఉంటుంది. దాన్ని కిందికి దించకుండా దాని అవతల, లోపలున్న సరుకేదీ బయటికి రాదు. రెండో స్టాపులో దాన్ని దించి, బిస్కెట్లు తీసి, మళ్లీ ఎక్కించేటప్పుడు కూడా అది ఐదు, ఆరు వరుసల చోటికే వెళ్లాలి. అక్కడ ఉన్నంతసేపూ అది ముందు యాక్సిల్‌ను తేలిక చేస్తూనే ఉంటుంది కాబట్టి ముందు బరువు గురించి భయం లేదు. అయితే టైల్స్ కూడా దిగిపోయి డిటర్జెంట్ ఒక్కటే మిగిలితే పరిస్థితి తిరగబడుతుంది. మొదటి ప్లాన్ ప్రకారం చూస్తే లారీ 9,100 కిలోలు, అందులో ముందు యాక్సిల్ మీద 2,764 మాత్రమే, అంటే 30 శాతం. ముందు చక్రాల మీద కనీసం 20 నుంచి 25 శాతం ఉండాలని తయారీదారులు సాధారణంగా అడుగుతారు, అంతకు తగ్గితే స్టీరింగ్ పట్టు వదులుతుంది. ఇక్కడ ఇంకా గట్టునే ఉన్నాం గానీ, ఖాళీ లారీకి 57 శాతం ఉన్న చోట 30 అంటే తడి రోడ్డు మీద డ్రైవరుకు తేడా చేతికి తెలుస్తుంది. చివరి స్టాపులో తలుపు తెరిచి ఉండగానే ఆ ఆరు ప్యాలెట్లను అడ్డుగోడ వైపు లాగి కట్టేసుకుంటే వెనక్కి వచ్చే దారంతా లారీ స్థిరంగా నడుస్తుంది.